నెట్ రన్ రేట్: తరచుగా అడిగే ప్రశ్నలు (ఉప్పల్‌లో 9.4 ఓవర్ల ఛేదన లెక్కతో సహా)

2024 మే 8న ఉప్పల్ రాజీవ్ గాంధీ స్టేడియంలో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లో లక్నో 20 ఓవర్లలో 4 వికెట్లకు 165 పరుగులు చేసింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ ఒక్క వికెట్ కూడా పోకుండా 9.4 ఓవర్లలోనే 167 కొట్టేసింది. ట్రావిస్ హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ శర్మ 28 బంతుల్లో 75. ఆ రాత్రి పాయింట్ల పట్టికలో హైదరాబాద్ నెట్ రన్ రేట్ −0.065 నుంచి +0.406కు ఎగబాకింది. ఈ రెండు అంకెలు ఎలా వచ్చాయో కాగితం మీద చూపించగలిగితే నెట్ రన్ రేట్‌లో తెలుసుకోవాల్సినదంతా దాదాపు వచ్చేసినట్టే. అందుకే ఇక్కడి జవాబులు చాలావరకు ఆ ఒక్క మ్యాచ్ చుట్టూనే తిరుగుతాయి.

నెట్ రన్ రేట్ అంటే అసలు ఏమిటి?

టోర్నీ మొత్తంలో మన జట్టు ఓవర్‌కు సగటున ఎన్ని పరుగులు చేసిందో అందులోంచి, ఓవర్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చిందో తీసేస్తే మిగిలేదే నెట్ రన్ రేట్. చేసినవి ఎక్కువైతే ప్లస్, ఇచ్చినవి ఎక్కువైతే మైనస్. పట్టికలో మూడు దశాంశ స్థానాల వరకు చూపిస్తారు.

ఇందులో ముఖ్యమైన మాట "టోర్నీ మొత్తంలో" అన్నది. ప్రతి మ్యాచ్‌కూ విడిగా రేటు కట్టి వాటిని కలపరు. లీగ్ దశలో అప్పటివరకు చేసిన పరుగులన్నీ ఒక కుప్ప, ఆడిన బంతులన్నీ ఇంకో కుప్ప. ఇచ్చిన పరుగులు, వేసిన బంతులు మరో రెండు. ఈ నాలుగు కుప్పలే లెక్క.

లెక్క కట్టే పద్ధతి ఏమిటి?

నాలుగు అంకెలు రాసుకోండి: చేసిన పరుగులు, ఆడిన బంతులు, ఇచ్చిన పరుగులు, వేసిన బంతులు. చేసిన పరుగుల్ని 6తో గుణించి ఆడిన బంతులతో భాగించండి. ఇచ్చిన పరుగుల్ని కూడా 6తో గుణించి వేసిన బంతులతో భాగించండి. మొదటిదానిలోంచి రెండోది తీసేయండి.

```
NRR = (చేసిన పరుగులు × 6 ÷ ఆడిన బంతులు) − (ఇచ్చిన పరుగులు × 6 ÷ వేసిన బంతులు)
```

బంతులంటే ఇక్కడ ఓవర్ లెక్కలోకి వచ్చే బంతులే. వైడ్లు, నోబాల్స్ పరుగుల్లో కలుస్తాయి, బంతుల్లో కలవవు. లెగ్ బైలు, బైలు, పెనాల్టీ పరుగులు కూడా జట్టు స్కోరులో ఉంటాయి కాబట్టి ఈ లెక్కలోనూ ఉంటాయి.

ఓవర్లను అలాగే వేసుకుంటే పోదా? బంతుల్లోకి మార్చడం ఎందుకు?

స్కోర్‌కార్డులో 18.1 అని కనిపించేది దశాంశం కాదు. 18 ఓవర్ల మీద ఒక బంతి అని దాని అర్థం. ఒక బంతి అంటే ఓవర్‌లో ఆరో వంతు, అంటే 0.167. అలాగే 9.4 అంటే 9.667, క్యాలిక్యులేటర్‌లో 9.4 అనే కొడితే సన్‌రైజర్స్ అసలు ఆడిన దానికన్నా తక్కువ బంతులు ఆడినట్టు తేలుతుంది.

ఇంట్లో లెక్క కట్టినవాళ్లకు పట్టికతో మూడో దశాంశం కలవకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. మే 8కి ముందు సన్‌రైజర్స్ లెక్కను ఓవర్లు అలాగే వేసి చేస్తే −0.065 బదులు −0.071 వస్తుంది. తేడా చిన్నదే. అయితే రెండు జట్లు పాయింట్లలో సమానంగా నిలిచినప్పుడు ఆ చిన్న తేడాకే స్థానం మారవచ్చు.

సరే, ఉప్పల్ మ్యాచ్ లెక్క పూర్తిగా చూపించండి.

మే 8 నాటికి సన్‌రైజర్స్ 11 మ్యాచ్‌లు ఆడింది. వాటిలో చేసిన పరుగులు 2223, లెక్కలోకి వచ్చే బంతులు 1309. పది ఇన్నింగ్స్‌కు పూర్తి 120 బంతులు, చెన్నైని 18.1 ఓవర్లలో ఛేదించిన మ్యాచ్‌కు 109. ఇచ్చిన పరుగులు 2220, బంతులు 1299. ఇక్కడ తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తివే. గుజరాత్ 19.1 ఓవర్లలో, ముంబై 17.2 ఓవర్లలో మనపై లక్ష్యం కొట్టేశాయి కాబట్టి ఆ రెండింటికి 115, 104 బంతులు.

చేసిన రేటు: 2223 × 6 ÷ 1309 = 10.189. ఇచ్చిన రేటు: 2220 × 6 ÷ 1299 = 10.254. తేడా −0.065.

ఒక్క క్షణం ఇక్కడ ఆగి చూడండి. ఇచ్చినవాటికంటే 3 పరుగులు ఎక్కువే చేసినా నెట్ రన్ రేట్ మైనస్‌లో ఉంది. కారణం బంతులు. ఆ 2223 చేయడానికి మనం 1309 బంతులు ఆడితే, ప్రత్యర్థులు 2220ని పది బంతులు తక్కువలోనే చేసేశారు.

ఇప్పుడు మే 8ని కలుపుదాం. మనం 58 బంతుల్లో 167: పరుగులు 2390, బంతులు 1367. లక్నో 120 బంతుల్లో 165: ఇచ్చిన పరుగులు 2385, బంతులు 1419. చేసిన రేటు 2390 × 6 ÷ 1367 = 10.490. ఇచ్చిన రేటు 2385 × 6 ÷ 1419 = 10.085. తేడా 0.4056; పట్టికలో +0.406.

చేసిన పరుగులకూ ఇచ్చిన పరుగులకూ తేడా ఇప్పటికీ 5 పరుగులే. అప్పటికి టోర్నీలో సన్‌రైజర్స్ రెండుసార్లు 270 దాటింది. రన్ రేట్ మీద ఇంత పెద్ద గంతు మాత్రం వేయించింది 167 పరుగుల ఛేదనే. మిగిలిపోయిన 62 బంతుల బలం అది. ఇదే ఫలితం ముందు బ్యాటింగ్ చేసి రాబట్టాలంటే, లక్నోను 165కే ఆపి మనం 276 దాకా కొట్టాలి, అంటే సుమారు 111 పరుగుల విజయం కావాలి.

ప్రతి మ్యాచ్ రన్ రేట్ తేడా తీసుకుని సగటు కడితే అదే వస్తుంది కదా?

రాదు. అప్పుడప్పుడూ వచ్చినట్టే కనిపించి మోసం చేస్తుంది, అదే చిక్కు. సన్‌రైజర్స్ తొలి 11 మ్యాచ్‌లకు ఇలా విడివిడిగా తేడాలు తీసి సగటు కడితే కూడా −0.065 వస్తుంది. ఇన్నింగ్స్ అన్నీ ఇంచుమించు 20 ఓవర్లవే కావడంతో కాకతాళీయంగా సరిపోయింది. అది చూసి పద్ధతి సరైనదేనని అనుకునే ప్రమాదం ఉంది.

పన్నెండో మ్యాచ్ దగ్గర తప్పు బయటపడుతుంది. ఆ మ్యాచ్ ఒక్కదానికే తేడా 17.276 − 8.250 = +9.026. సగటు పద్ధతిలో 12 మ్యాచ్‌లకు 0.692 తేలుతుంది. పట్టికలో ఉన్నది 0.406. అసలు పద్ధతిలో ఆ 17.276 రేటుకు 58 బంతుల బరువే ఉంటుంది. సగటు పద్ధతి దానికి 120 బంతుల ఇన్నింగ్స్‌తో సమానమైన బరువు ఇచ్చేస్తుంది. తక్కువ బంతుల్లో ముగిసిన మ్యాచ్ ఏదైనా ఉంటే ఈ తేడా తప్పదు.

18.5 ఓవర్లకు ఆలౌటైతే 18.5 ఓవర్లే లెక్కా?

కాదు. ఆలౌటైన జట్టుకు దాని పూర్తి కోటా, టీ20లో 20 ఓవర్లు, వన్డేలో 50 ఓవర్లు, ఆడినట్టే లెక్క. ఆ సీజన్‌లో చెన్నైపై సన్‌రైజర్స్ 18.5 ఓవర్లలో 134కి ఆలౌటైంది. పై లెక్కలో దానికి 113 బంతులు కాదు, 120 వేశాం. ఢిల్లీ 19.1 ఓవర్లలో 199కి కుప్పకూలినప్పుడు కూడా మనం వేసిన బంతులు 120గానే తీసుకున్నాం.

ఈ నిబంధన లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. వికెట్లు పారేసుకుని ఆరు ఓవర్లలో 60కి ఆలౌటైన జట్టుకు ఓవర్‌కు 10 రేటు దక్కుతుంది. ఓపికగా 20 ఓవర్లు నిలబడి 150 చేసిన జట్టుకు 7.5. ఆ అన్యాయం జరగకుండా ఉండటానికే పూర్తి కోటా.

దీని దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో 2019 ప్రపంచకప్‌లో పాకిస్థాన్ చూసింది. వెస్టిండీస్‌పై 21.4 ఓవర్లలో 105కి ఆలౌటైంది. లెక్కలోకి వెళ్లింది 50 ఓవర్లలో 105, అంటే ఓవర్‌కు 2.10. వెస్టిండీస్ 13.4 ఓవర్లలో 108 కొట్టింది, అది 7.90. తొలి మ్యాచ్‌లోనే పడిన ఆ గోతిలోంచి పాకిస్థాన్ లీగ్ దశ అయిపోయేదాకా పైకి రాలేకపోయింది. న్యూజిలాండ్‌తో 11 పాయింట్ల దగ్గర సమానమైంది, గెలుపులూ చెరి ఐదు, పైగా న్యూజిలాండ్‌ను తాను ఓడించింది కూడా. అయినా +0.175 ముందు −0.430 నిలవలేదు. చివరి మ్యాచ్‌లో 315 కొట్టాక, సెమీస్ చేరాలంటే బంగ్లాదేశ్‌ను 7 పరుగులకు ఆపాల్సిన పరిస్థితి.

ఒక చిన్న జాగ్రత్త: కోటా అంటే ఆ మ్యాచ్‌కు కేటాయించిన ఓవర్లు. వాన వల్ల మొదటి బంతికి ముందే 12 ఓవర్ల మ్యాచ్‌గా కుదిస్తే, ఆలౌటైన జట్టుకు 12 ఓవర్లే వేయాలి, 20 కాదు.

పది వికెట్ల తేడాతో గెలిస్తే నెట్ రన్ రేట్ ఎక్కువ పెరుగుతుందా?

వికెట్లకు ఇందులో చోటు లేదు. ఉప్పల్‌లో ఆ 167 ఒక్క వికెట్ కూడా పోకుండా వచ్చింది. తొమ్మిది వికెట్లు పడి 9.4 ఓవర్లలోనే వచ్చి ఉన్నా +0.406 మారదు. వికెట్ లెక్కలోకి వచ్చేది ఒక్కటే చోట, పదోది పడినప్పుడు.

ఈ పద్ధతిపై ఉన్న పెద్ద విమర్శ ఇదే, అది సబబైనదే. చిన్న లక్ష్యాన్ని ఛేదించే జట్టు వికెట్లను లెక్కచేయకుండా బాదేయవచ్చు, గెలుపు ఖాయమైతే నష్టం లేదు. ముందు బ్యాటింగ్ చేసే జట్టుకు ఆ వెసులుబాటు ఉండదు, ఆలౌటైతే పూర్తి కోటా మీద పడుతుంది కాబట్టి.

"ఇన్ని ఓవర్లలో కొడితే పైకి వెళ్తారు" అని కామెంటేటర్లు చెప్పే అంకె ఎలా వస్తుంది?

అదే సూత్రాన్ని వెనక్కి తిప్పితే వస్తుంది. మొదటి ఇన్నింగ్స్ అయిపోయాక ఇచ్చిన రేటు ఖరారైపోతుంది. ఇక తెలియనిది మనం వాడే బంతులు మాత్రమే.

```
వాడదగ్గ బంతులు = 6 × (పాత పరుగులు + లక్ష్యం) ÷ (కావాల్సిన NRR + ఇచ్చిన రేటు) − పాత బంతులు
```

వచ్చిన దశాంశాన్ని ఎప్పుడూ కిందికే దించాలి, 112.4 వస్తే 112, 112.9 వచ్చినా 112.

మే 8న ఇన్నింగ్స్ విరామంలో ఈ లెక్క వేసి ఉంటే ఇలా ఉండేది. పాత పరుగులు 2223, పాత బంతులు 1309, లక్ష్యం 166, ఇచ్చిన రేటు 10.08457. మైనస్‌లోంచి బయటపడాలంటే 112 బంతుల్లో, అంటే 18.4 ఓవర్లలో ముగించాలి. +0.200 కావాలంటే 84 బంతులు, సరిగ్గా 14 ఓవర్లు. +0.400 కావాలంటే 58 బంతులు, 9.4 ఓవర్లు! అభిషేక్, హెడ్ ముగించింది సరిగ్గా ఆ బంతికే. ఇక్కడ ఇచ్చిన రేటును 10.08 అని కురచ చేసి వేయకండి. కనీసం నాలుగైదు దశాంశాలు ఉంచకపోతే ఒక బంతి అటూ ఇటూ అయిపోతుంది.

మ్యాచ్ మొదలవకముందే టీవీలో వేసే అంకెల సంగతి వేరు. మొదటి ఇన్నింగ్స్ స్కోరు ఇంత ఉంటుందని ఊహించుకుని వేసేవి అవి. స్కోరు మారితే ఆ అంకె కూడా మారుతుంది. 2024 మే 18న బెంగళూరు 218 కొట్టాక లెక్క స్పష్టమైంది. చెన్నై గెలవకపోయినా 201 చేస్తే చాలు, ప్లేఆఫ్స్‌కు అదే వెళ్తుంది. ఆ రాత్రి ప్రేక్షకులంతా చూసింది 219 కోసం కాదు, 201 కోసం. చెన్నై 191 దగ్గర ఆగింది. రెండు జట్లూ 14 పాయింట్లతో ముగించాయి, బెంగళూరు +0.459, చెన్నై +0.392.

లక్ష్యాన్ని దాటి కొట్టిన పరుగులు లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. లక్నోపై కావాల్సింది 166, స్కోరు 167. ఆ అదనపు పరుగుతోనే 0.401 కావాల్సినది 0.406 అయింది. స్కోరు సమమైన దశలో ఫోర్ గానీ సిక్స్ గానీ కొడితే ఆ నాలుగూ ఆరూ పూర్తిగా జట్టు ఖాతాలో పడతాయి.

ఈ సంగతి తెలియకపోతే ఎంత నష్టమో 2023 ఆసియా కప్‌లో అఫ్గానిస్థాన్‌కు అర్థమైంది. లాహోర్‌లో శ్రీలంక చేసిన 291ని దాటడానికి, సూపర్ ఫోర్ చేరాలంటే 37.1 ఓవర్లు గడువని అందరూ అనుకున్నారు. 37 ఓవర్లకు 289. తర్వాతి బంతికి ముజీబ్ అవుటయ్యాడు. ఇక అయిపోయిందనుకుని చివరి బ్యాటర్ ఫారూఖీ బంతుల్ని అడ్డుకుంటూ ఉండిపోయాడు. నిజానికి 37.1 అన్నది సరిగ్గా 292 దగ్గర గెలిస్తే వర్తించే గడువు. 37.4 దగ్గర 295కి చేరినా అఫ్గాన్ పైకి వెళ్లేది. ఒక్క సిక్స్ పడితే సరిపోయేది. లేదా ఒక పరుగు తీసి అవతలి ఎండ్‌లో 27 పరుగులతో ఉన్న రషీద్ ఖాన్‌కు స్ట్రైక్ ఇస్తే అవకాశం మిగిలేది. 37.4 దగ్గర ఫారూఖీ అవుటై, 2 పరుగుల తేడాతో మ్యాచ్ కూడా పోయింది.

అందుకే డగౌట్‌లో కాగితం పట్టుకుని కూర్చునే మనిషి ఒక్క అంకె రాసుకుంటే చాలదు. గెలుపు స్కోరు లక్ష్యంపై ఒక పరుగు, రెండు, మూడు, నాలుగు, ఐదు ఎక్కువైతే ఎన్ని బంతులు దొరుకుతాయో పక్కపక్కనే రాసుకోవాలి.

వాన వల్ల మ్యాచ్ రద్దయితే?

ఫలితం తేలని మ్యాచ్ నెట్ రన్ రేట్‌లో అసలు ఉండదు. కొన్ని ఓవర్లు ఆట జరిగినా ఆ పరుగులు, బంతులు నాలుగు కుప్పల్లో ఎక్కడా కలపరు. 2024 మే 16న ఉప్పల్‌లోనే గుజరాత్‌తో మ్యాచ్ వానకు కొట్టుకుపోయింది. చెరొక పాయింట్ పంచారు. సన్‌రైజర్స్ 15 పాయింట్లకు చేరింది, నెట్ రన్ రేట్ మాత్రం 0.406 దగ్గరే ఉంది.

డక్‌వర్త్ లూయిస్ స్టెర్న్ పద్ధతిలో ఫలితం వస్తే ఎవరి స్కోరు వేయాలి?

లోకల్ లీగ్‌ల లెక్కల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. రెండు సందర్భాలు విడిగా చూడాలి.

మొదటిది: లక్ష్యాన్ని సవరించి, మ్యాచ్ చివరిదాకా ఆడించారు. ఉదాహరణకు ముందు ఆడిన జట్టు 20 ఓవర్లలో 180 చేసింది, వాన తర్వాత రెండో జట్టుకు 11 ఓవర్లలో 112 లక్ష్యం ఇచ్చారనుకుందాం. ఇప్పుడు ముందు ఆడిన జట్టు ఖాతాలో 20 ఓవర్లలో 180 వేయకూడదు. సవరించిన లక్ష్యం కంటే ఒకటి తక్కువ, అంటే 111 పరుగులు, 11 ఓవర్లు వేయాలి. రెండో జట్టుకు మాత్రం నిజంగా చేసిన పరుగులు, నిజంగా ఆడిన బంతులే. అది 10.2 ఓవర్లలో 113 చేసి గెలిస్తే 62 బంతుల్లో 113.

రెండోది: రెండో ఇన్నింగ్స్ మధ్యలో వాన వచ్చి, ఆట మళ్లీ మొదలవకుండానే ఆ పద్ధతిలో విజేతను తేల్చారు. అప్పుడు ముందు ఆడిన జట్టుకు ఆట ఆగిన క్షణంలో ఉన్న పార్ స్కోరును, అంటే ఆ క్షణానికి సమంగా ఉండాలంటే రెండో జట్టు చేసి ఉండాల్సిన పరుగుల్ని, రెండో జట్టు ఆడినన్ని ఓవర్లకే వేస్తారు.

రెండింటి వెనక ఆలోచన ఒక్కటే. 20 ఓవర్ల ఇన్నింగ్స్‌ను 11 ఓవర్ల ఇన్నింగ్స్ పక్కన పెట్టి పోల్చకూడదు, ఇద్దరినీ ఒకే కొలతకు తేవాలి.

సూపర్ ఓవర్ పరుగులు?

కలపరు. టై అయిన అసలు మ్యాచ్ స్కోర్లే లెక్క.

పాయింట్లు సమానమైతే వెంటనే నెట్ రన్ రేటే చూస్తారా?

టోర్నీని బట్టి మారుతుంది. 2019 ప్రపంచకప్‌లో ముందు ఎక్కువ గెలుపులు చూశారు, అవీ సమానమైతేనే నెట్ రన్ రేట్. కొన్ని టోర్నీల్లో ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్ ఫలితాన్ని ముందు పెడతారు. సీజన్ మొదలవకముందు నిబంధనల కాగితంలో ఈ వరస చదువుకోవాలి, చివరి రోజు కాదు.

ఇంతకీ ఆ 9.4 ఓవర్ల వల్ల హైదరాబాద్‌కు ఒరిగిందేమిటి?

మే 19న ఉప్పల్‌లో పంజాబ్ 214 చేస్తే సన్‌రైజర్స్ 19.1 ఓవర్లలో 215 చేసి గెలిచింది. మొత్తం 1482 బంతుల్లో 2605, ఇచ్చినవి 1539 బంతుల్లో 2599. నెట్ రన్ రేట్ +0.414. అదే రాత్రి గువాహటిలో రాజస్థాన్ మ్యాచ్ వానకు రద్దయింది. రెండు జట్లకూ 17 పాయింట్లు, ఎనిమిదేసి గెలుపులు. రాజస్థాన్ +0.273. రెండో స్థానం హైదరాబాద్‌ది.

ఇప్పుడు లక్నోపై అదే 167ని 19.4 ఓవర్లలో కొట్టామనుకుని మళ్లీ లెక్క వేద్దాం. ఆడిన బంతులు 1482 బదులు 1542 అవుతాయి. 2605 × 6 ÷ 1542 = 10.136. ఇచ్చిన రేటు 10.133. నెట్ రన్ రేట్ +0.004. పాయింట్లలో ఏ మార్పూ లేదు, అయినా రాజస్థాన్ రెండో స్థానం, హైదరాబాద్ మూడో స్థానం.

మూడో స్థానమంటే ఎలిమినేటర్, ఓడితే ఇంటికే. రెండో స్థానమంటే క్వాలిఫయర్-1, ఓడినా ఇంకో అవకాశం. సన్‌రైజర్స్ ఆ క్వాలిఫయర్-1లో కోల్‌కతా చేతిలో ఓడింది కూడా. మిగిలిన అవకాశంతో చెన్నైలో రాజస్థాన్‌నే ఓడించి ఫైనల్‌కు వెళ్లింది. ఫైనల్లో మళ్లీ కోల్‌కతాదే గెలుపు, అది వేరే కథ. ప్లేఆఫ్స్ మ్యాచ్‌ల పరుగులు నెట్ రన్ రేట్‌లో కలవవు. ఆ లెక్క లీగ్ దశతోనే మూతపడుతుంది.

మా వీకెండ్ లీగ్‌కు ఎక్సెల్ షీట్ తయారు చేసుకోవాలి. ఏం జాగ్రత్తలు?

ప్రతి ఇన్నింగ్స్‌కు ఒక వరస పెట్టండి: పరుగులు, ఓవర్లు, ఆలౌటా కాదా, ఆ మ్యాచ్ కోటా ఎన్ని ఓవర్లు. స్కోరర్లు ఓవర్లను 7.4 అనే రాస్తారు, రాయనివ్వండి. బంతుల్లోకి మార్చే పని షీట్‌కు వదిలేయండి. పరుగులు A2లో, ఓవర్లు B2లో, ఆలౌటైతే C2లో Y, కోటా D2లో ఉంటే:

```
=IF(C2="Y", D2*6, INT(B2)*6 + ROUND((B2-INT(B2))*10, 0))
```

ఇందులో ROUND తీసేయకండి. కంప్యూటర్ లోపల 7.4 లోంచి 7 తీస్తే ఖచ్చితంగా 0.4 రాదు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ROUND లేకపోతే ఆ తోక కూడా మొత్తంలో చేరుతుంది.

కోటా గడిని తప్పనిసరిగా పెట్టమనడానికి కారణం మన వీకెండ్ లీగ్‌లే. గ్రౌండ్ స్లాట్ ఆలస్యమై 8 ఓవర్ల మ్యాచ్‌ను 6కి కుదించడం ఇక్కడ మామూలే. కోటా గడి లేకపోతే ఆ రోజు ఆలౌటైన జట్టుకు 36 బదులు 48 బంతులు పడిపోతాయి, ఆ తప్పు ఫైనల్ బెర్త్ దగ్గర గొడవగా బయటికొస్తుంది. జట్టుకు పదకొండు మంది కాకుండా ఎనిమిది మందే ఉండే బాక్స్ క్రికెట్‌లో ఆలౌట్ అంటే ఎన్ని వికెట్లో, చివరి బ్యాటర్ ఒంటరిగా ఆడవచ్చో లేదో కూడా ముందే రాసుకోవాలి.

షీట్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి సులువైన పరీక్ష ఒకటుంది. టోర్నీలోని అన్ని జట్ల "చేసిన పరుగులు" కలిపితే వచ్చే మొత్తం, "ఇచ్చిన పరుగులు" కలిపితే వచ్చే మొత్తంతో సమానం కావాలి. బంతులకూ అంతే. ఒకరు చేసినవే ఇంకొకరు ఇచ్చినవి కదా. కలవకపోతే ఏదో ఒక ఇన్నింగ్స్ ఒకవైపే ఎక్కింది, లేదా ఆలౌట్ అని ఒక జట్టుకు గుర్తుపెట్టి అవతలి జట్టు వేసిన బంతుల్లో మర్చిపోయారు. అయితే అన్ని జట్ల నెట్ రన్ రేట్లు కలిపితే సున్నా రావాలని మాత్రం చూడకండి. ఒక్కో జట్టు ఆడిన, వేసిన బంతుల సంఖ్య వేరు కాబట్టి అది సాధారణంగా సున్నా కాదు. షీట్ బాగున్నా తప్పుందని వెతుక్కుంటూ ఆదివారం రాత్రి గడిచిపోతుంది.